వరద తీశాకే నమూనా: గడువు అడిగే మెయిల్ వెనక లెక్క

“గౌరవనీయులైన సార్, భారీ వర్షాలు, వరదల వల్ల ఫీల్డ్ శాంపిల్స్ తీయడం ఆలస్యమైంది. దయచేసి నాకు గడువు పొడిగించగలరు. ఇట్లు, మీ విధేయురాలు.”

ఇందులో అబద్ధం ఏమీ లేదు, మర్యాదకూ లోటు లేదు. కానీ చదివిన గైడ్‌కి ఏం చేయాలో పాలుపోదు. ఎన్ని రోజులు కావాలి? ఏ పని ఆగింది, ఏది ఆగలేదు? వాన తగ్గింది కదా, రేపే వెళ్లి తీసుకోవచ్చుగా? ఈ ప్రశ్నలన్నీ ఆయన తిరిగి అడగాలి, ఆమె జవాబులు రాయాలి. ఈ రాకపోకల్లోనే వారం గడిచిపోతుంది.

వరద పేరు చెబితే జాలి దొరుకుతుంది గాని తేదీ దొరకదు. తేదీ కావాలంటే వరద ఆ నీళ్లను ఏం చేసిందో చెప్పాలి. అదెలాగో తెలియడానికి ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. మనిషి కల్పితం. ఆమె ఎదుర్కొన్న వరద మాత్రం 2024 సెప్టెంబర్‌లో నిజంగా వచ్చిందే.

పది పాయింట్లు, మూడు కాలాలు

ఆమె ఎం.ఎఫ్.ఎస్‌సీ రెండో ఏడు చదువుతోంది. కొల్లేరు నీటి నాణ్యత కాలాన్నిబట్టి ఎలా మారుతుందన్నది థీసిస్ అంశం. సరస్సులో పది పాయింట్లు ఎంచుకుంది. బుడమేరు వచ్చి కలిసేచోట కొన్ని, తమ్మిలేరు కలిసేచోట కొన్ని, నడిమధ్యన కొన్ని, నీళ్లు సముద్రానికి బయల్దేరే ఉప్పుటేరు మొదట్లో కొన్ని. వానకు ముందు మేలో ఒకసారి, వానాకాలంలో సెప్టెంబర్ 3 నుంచి 5 వరకు ఒకసారి, వానలు వెళ్లాక డిసెంబర్‌లో ఒకసారి అదే పది చోట్ల నీళ్లు తీయాలి. వానాకాలం ఫలితాల అధ్యాయం సెప్టెంబర్ 30 కల్లా గైడ్ చేతికి ఇవ్వాలి.

మే నమూనాలు అనుకున్నట్టే అయ్యాయి. ఆగస్టు నెలాఖరున వాన పట్టుకుంది. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. మైలవరం కొండల్లో పుట్టి వచ్చే బుడమేరును వెలగలేరు దగ్గర నుంచి ఒక కాలువ ద్వారా బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లిస్తారు. కృష్ణే నిండుగా ఉన్నప్పుడు ఆ నీళ్లకు అటు దారి దొరకదు. గట్లకు గండ్లు పడ్డాయి, విజయవాడలో పేటలకు పేటలు మునిగాయి. బుడమేరు చివరికి చేరేది కొల్లేరుకే కాబట్టి నగరంలో నిలిచిన నీళ్లదీ అదే దారి. కొన్నాళ్లకు కొల్లేరు పొంగి ఏలూరు, కైకలూరు మధ్య రోడ్డు మీదికి వచ్చింది. సెప్టెంబర్ 3న దోనె ఎక్కాల్సిన అమ్మాయి హాస్టల్లోనే ఉండిపోయింది.

రోడ్డు తెరుచుకున్నంత మాత్రాన సరిపోదు

చాలామంది విద్యార్థులు మెయిల్లో “రోడ్డు మూసేశారు” అని రాసి అక్కడితో ఆగుతారు. అది నిజమే గాని సగం కారణమే. రోడ్డు నాలుగు రోజుల్లో తెరుచుకుంటే ఐదో రోజే వెళ్లమంటారు ఎవరైనా. అసలు కారణం నీళ్లలో ఉంది. ఐదో రోజు సీసాలోకి వచ్చేది ఆమె కొలవాలనుకున్న నీరు కాదు.

కొల్లేరులోకి నీళ్లు తెచ్చే ఏర్లూ కాలువలూ పదుల్లో ఉన్నాయి. బయటికి పోవడానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. అందుకే సరస్సు నిండినంత వేగంగా తీయదు. వరదనీరు వచ్చి కూర్చున్నప్పుడు మొదట మారేది విద్యుద్వాహకత. పిల్లలు దాన్ని ‘ఈసీ’ అంటారు. నీళ్లలో కరిగిన లవణాలు ఎంత ఎక్కువుంటే ఈసీ అంత ఎక్కువ చూపిస్తుంది. వాననీటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి వరద వచ్చినప్పుడు ఈసీ ఒక్కసారిగా పడిపోతుంది. దాంతోపాటు మట్టి కలిసి నీరు చిక్కబడుతుంది.

కొల్లేరులో ఇంకో చిక్కు ఉంది. సరస్సు చుట్టూ చేపల చెరువులు. గట్లు తెగితే మేతా ఎరువూ కలిసిన చెరువు నీళ్లు సరస్సులోకి వస్తాయి, నైట్రేట్, ఫాస్ఫేట్ పెరుగుతాయి. మునిగిన గడ్డి, కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క కుళ్లడం మొదలైతే నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. దాన్ని కంటితోనే పట్టుకోవచ్చు. ఆక్సిజన్ పరీక్షకు సీసా నింపగానే అక్కడికక్కడే మాంగనీస్ సల్ఫేట్, క్షారం కలిపిన అయొడైడ్ ద్రావణం పోస్తారు. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే అడుగున గోధుమ రంగు మడ్డి పేరుకుంటుంది. తెల్లగా పేరుకుంటే ఆక్సిజన్ లేనట్టే. వరద తీసే రోజుల్లో కుళ్లు ఎక్కువగా ఉన్న మూలల్లో అలాంటి తెల్లటి మడ్డి కనబడితే ఆశ్చర్యం లేదు.

అవన్నీ నిజమైన కొలతలే. కాకపోతే అవి ‘కొల్లేరు వానాకాలంలో ఇలా ఉంటుంది’ అని చెప్పవు, ‘కొల్లేరు ఈ వరదలో ఇలా ఉంది’ అని చెబుతాయి. మే నమూనాల పక్కన వాటిని పెట్టి కాలాల పోలిక అంటే పోలికే చెడిపోతుంది. మెయిల్లో ఈ ముక్క రెండు వాక్యాల్లో ఉంటే చాలు, ఆలస్యం సాకు కాదు, పద్ధతి ప్రకారం అవసరమని గైడ్‌కి అర్థమవుతుంది.

ముందే తీసి దాచుకోకూడదా?

ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న ఇది. వాన వస్తుందని తెలిసినప్పుడు ఆగస్టులోనే నీళ్లు పట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చుగా?

నీటి నమూనా పాలలాంటిది. ఒక్కో పరీక్షకు ఒక్కో నిలవ గడువుంటుంది. లోహాల కోసం తీసిన నీళ్లలో నైట్రిక్ ఆమ్లం వేసి ఆమ్లత్వం పెంచితే ఆరు నెలలు ఆగుతాయి. నైట్రేట్‌కి చల్లగా ఉంచినా రెండు రోజులే. జీవరసాయన ఆక్సిజన్ అవసరం, అంటే అందరూ ‘బీవోడీ’ అనే పరీక్షను సాధ్యమైనంత వరకు ఒక రోజులోపే మొదలుపెట్టాలి. సీసాలోని సూక్ష్మజీవులు ఆగవు, మనం చూడకపోయినా ఆక్సిజన్ తింటూనే ఉంటాయి. మన దేశపు ప్రమాణంలో ఆ సీసాలను 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి, మొదటి ఆక్సిజన్‌కీ చివరి ఆక్సిజన్‌కీ తేడా చూస్తారు.

కాబట్టి ప్రయోగశాల సిద్ధంగా లేని రోజు నీళ్లు తీసినా లాభం లేదు. గడువు లెక్క వేసేటప్పుడు సరస్సు ఎప్పుడు కుదురుకుంటుందో ఒక్కటే చూస్తే చాలదు. ఆ మర్నాటి నుంచి ఇంక్యుబేటర్ ఖాళీగా ఉందా, ల్యాబ్ తెరిచి ఉంటుందా అన్నది కూడా చూడాలి.

కుదురుకుందని ఎలా తెలుస్తుంది?

“పరిస్థితులు సాధారణ స్థితికి వచ్చాక తీస్తాను” అని రాస్తే గైడ్‌కి తేదీ లేదు, విద్యార్థికి కొలబద్ద లేదు. మన అమ్మాయి ఒక ఉపాయం ఆలోచించింది. ఆకివీడు వైపు నుంచి బస్సులో వెళ్తే ఉప్పుటేరు వంతెన దగ్గరికి చేరవచ్చు. సరస్సు నీళ్లన్నీ కలిసి బయటికొచ్చే దారి అదే. మూడు రోజులకోసారి అక్కడికి వెళ్లి మీటరు ముంచి ఈసీ చూస్తుంది. వరుసగా మూడు కొలతలు ఒకదానికొకటి పది శాతం తేడాలోపు ఉంటే సరస్సు కుదురుకున్నట్టు లెక్క.

ఈ పది శాతం ఏ చట్టంలోనూ లేదు. తనకు తాను పెట్టుకున్న గీత. కానీ ముందే పెట్టుకుని గైడ్‌కి చెప్పింది కాబట్టి తరవాత తనకు వీలైన రోజును ‘కుదురుకున్న రోజు’ అని పిలిచే అవకాశం ఉండదు.

దీనికో పరిమితి ఉంది. ఉప్పుటేరులోకి సముద్రం నుంచి పోటు వస్తుంది. వరద జోరులో దాని ప్రభావం కనబడకపోవచ్చు గాని, ప్రవాహం తగ్గేకొద్దీ ఉప్పునీరు ఎగదన్ని ఈసీని పెంచగలదు. అందుకే ప్రతిసారీ పాటు సమయంలో, నీళ్లు సముద్రం వైపు పారుతున్నప్పుడే కొలవాలి. పోటుపాట్లు రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి కాబట్టి ‘రోజూ పొద్దున ఎనిమిదింటికి’ అనే నియమం ఇక్కడ పనికిరాదు.

తేదీ ఎక్కడి నుంచి వచ్చింది?

ఇప్పుడు లెక్క. మొదటి ప్రణాళికలో నమూనాలు సెప్టెంబర్ 5న పూర్తయ్యేవి. అక్కడి నుంచి సెప్టెంబర్ 30కి 25 రోజులు. అందులో పది రోజులు ల్యాబ్ పని, పదిహేను రోజులు రాత.

కొత్త ప్రణాళికలో నమూనాలు సెప్టెంబర్ 24 నుంచి 26 వరకు. అంటే 21 రోజులు జరిగింది. ఆ 25 రోజులూ యథాతథంగా కలిపితే అక్టోబర్ 21 వస్తుంది. కానీ ఎదురుచూసే మూడు వారాలూ ఆమె ఖాళీగా ఉండదు. మే నెల ఫలితాలు, పద్ధతుల అధ్యాయం ఇప్పుడే రాసేయవచ్చు. పట్టికల నమూనాలు గీసి అంకెలు వచ్చాక నింపుకోవచ్చు. అలా రాత పనిలో ఐదు రోజులు మిగులుతాయి. కాబట్టి అడగాల్సింది అక్టోబర్ 16.

వరద 21 రోజులు తీసుకుంది, ఆమె అడిగింది 16. ఈ రెండు అంకెలూ పక్కపక్కన కనిపించే మెయిల్‌కి కాదనే గైడ్ అరుదు.

ఇంకో హద్దు కూడా ఉంది. వాతావరణ శాఖ లెక్కలో నైరుతి రుతుపవనాల కాలం జూన్ నుంచి సెప్టెంబర్ దాకా. అక్టోబర్ వస్తే ‘వానాకాలం నమూనా’ అనే పేరు నిలవదు. కాబట్టి సెప్టెంబర్ 28 నాటికీ సరస్సు కుదురుకోకపోతే ఏం చేయాలో కూడా ఇప్పుడే చెప్పాలి.

సెప్టెంబర్ 9న వెళ్లిన మెయిల్

ఆమె రాసింది ఇంగ్లీషులోనే. తెలుగులో ఇలా ఉంటుంది.

*విషయం: కొల్లేరు వానాకాలం నమూనాలు – అధ్యాయం గడువు సెప్టెంబర్ 30 నుంచి అక్టోబర్ 16కి మార్చమని వినతి*

*సార్, నమస్కారం.*

*వానాకాలం ఫలితాల అధ్యాయం ఇచ్చే తేదీని సెప్టెంబర్ 30 నుంచి అక్టోబర్ 16కి మార్చమని అడుగుతున్నాను. థీసిస్ సమర్పించే తేదీలో మార్పు కోరడం లేదు.*

*సెప్టెంబర్ 3–5 తేదీల్లో పది పాయింట్లలో నమూనాలు తీయాలి. వరద వల్ల ఒక్కటీ తీయలేకపోయాను. ఇప్పుడు దారి దొరికినా సరస్సులో బుడమేరు వరదనీరు, తెగిన చెరువుల నీరు కలిసి ఉన్నాయి. ఈ నీళ్లను మే నమూనాలతో పోలిస్తే కాలం వల్ల వచ్చిన తేడా ఏదో, వరద వల్ల వచ్చిందేదో విడదీయలేను.*

*నిన్న ఉప్పుటేరు వంతెన దగ్గర ఈసీ చూశాను. మేలో అక్కడ ఉన్నదానిలో నాలుగో వంతు కూడా లేదు. మూడు రోజులకోసారి చూస్తాను. వరుసగా మూడు కొలతలు పది శాతం తేడాలోపు వస్తే సెప్టెంబర్ 24–26లో నమూనాలు తీస్తాను. 27 నుంచి పది రోజులు ల్యాబ్, ఆ తరవాత పది రోజులు రాత. ఈలోగా మే ఫలితాలు, పద్ధతుల అధ్యాయం సెప్టెంబర్ 22 కల్లా మీకు పంపుతాను.*

*సెప్టెంబర్ 28 దాకా కుదురుకోకపోతే, చేరగలిగిన పాయింట్లలోనే తీసి వాటిని ‘వరద నమూనాలు’గా వేరుగా చూపిస్తాను. ఈ ప్రత్యామ్నాయం మీకు సమ్మతమేనా చెప్పగలరు.*

*రోడ్డు ఫొటోలు, కొత్త తేదీల పట్టిక జతచేశాను. 27 నుంచి ఇంక్యుబేటర్ బుక్ చేసుకోవాలి కాబట్టి శుక్రవారంలోగా మీ మాట తెలిస్తే మేలు.*

అడిగింది మొదటి వాక్యంలోనే ఉంది. గైడ్ ఫోన్‌లో రెండు వరుసలు చదివినా విషయం తెలుస్తుంది. “థీసిస్ తేదీ మారదు” అన్న మాటకు బరువెక్కువ. అధ్యాయం గడువు గైడ్ చేతిలో ఉన్నది, ఆయన ఒక్క మాటతో మార్చగలరు. థీసిస్ సమర్పణ తేదీ కదిలిందంటే అది సలహా సంఘం, విభాగాధిపతి దాటి విశ్వవిద్యాలయం దాకా పోతుంది. ఏ గడువు అడుగుతున్నారో చెప్పకపోతే గైడ్ పెద్దదే అనుకుని జంకుతారు.

వాన, కష్టం, మనోవేదన గురించి ఒక్క మాటా లేదు. ఇల్లు మునిగిన విద్యార్థి అయితే ఆ సంగతి తప్పక రాయాలి, అది వేరే కారణం, దానికి దొరికే వెసులుబాటూ వేరు. ఇక్కడ ఆగింది పని కాబట్టి మెయిల్ పని గురించే మాట్లాడింది.

గైడ్ పట్టుకున్న తప్పు

జవాబు మర్నాడే వచ్చింది. “సరేనమ్మా, 16 దాకా తీసుకో. ప్రత్యామ్నాయానికీ ఒప్పుకుంటున్నాను. రెండు విషయాలు చూసుకో. అక్టోబర్ 12 దసరా. నీ పది రోజుల ల్యాబ్ 6 దాకా నడుస్తుంది, ఈలోపే సెలవులు మొదలైతే తాళం వేస్తారు. బీవోడీ మొదట పెట్టి, లోహాలు చివరికి ఉంచుకో. అవి ఆమ్లంలో ఆగుతాయి. రెండోది, నైట్రేట్ అన్నీ ఒకే రోజు చేయలేవు. 24న తీసినవి 26 దాటితే పనికిరావు. తీసిన రోజు సాయంత్రమే ల్యాబ్‌కి పంపే ఏర్పాటు చేసుకో.”

రెండోది నిజంగా తప్పే. మూడు రోజులు నమూనాలు తీసి 27న ల్యాబ్ మొదలుపెడతానని ఆమె రాసింది. ఆ లెక్కన మొదటి రోజు నీళ్లకు నైట్రేట్ గడువు అప్పటికే దాటిపోతుంది, బీవోడీ గడువు ఇంకా ముందే దాటుతుంది. తేదీలు విడివిడిగా రాసి పట్టిక పంపింది కాబట్టే ఆయన కంటికి ఆ లోపం దొరికింది. “దయచేసి గడువు పొడిగించగలరు” అని మాత్రమే రాసి ఉంటే ఆయన సరేననేవారు, తప్పు ల్యాబ్‌లో బయటపడేది, అప్పటికి అక్టోబర్ వచ్చేసేది.

అడగకుండా సర్దేస్తే

గడువు అడగడానికి మొహమాటపడి ఇంకో దారి పట్టేవాళ్లూ ఉంటారు. ఆరు పాయింట్లలో నీళ్లు తీసి, మిగతా నాలుగింటికి పక్కవాటిని చూసి అంకెలు వేసేస్తారు. నీటి అంకెలు అలా సులువుగా లొంగవు. ఏ నమూనాలోనైనా ధనావేశం ఉన్న అయాన్ల మొత్తం, రుణావేశం ఉన్నవాటి మొత్తం దాదాపు సమానంగా రావాలి. జాగ్రత్తగా చేసిన పరీక్షలో తేడా ఐదు శాతం దాటకూడదంటారు. కరిగిన లవణాలను ఈసీతో భాగిస్తే మామూలు నీళ్లకు 0.55కీ 0.7కీ మధ్య వస్తుంది. కాల్షియం, క్లోరైడ్, ఈసీ విడివిడిగా ఊహించి రాసినవాడి పట్టికలో ఈ రెండూ కలవవు. పరీక్షకుడు కాలిక్యులేటర్ తీస్తే పది నిమిషాల పని. పైగా సెప్టెంబర్ 4న కొల్లేరు నడుమ దోనె మీద ఉన్నానని రాస్తే, ఆ వారం వార్తాపత్రిక తిరగేసినవాడెవడైనా నవ్వుతాడు.

అయితే మెయిల్‌తో ఈ సంగతి ముగిసిపోదు. అందులోని రెండో పేరా, ఈసీ నియమం, మారిన తేదీలు ఆమె థీసిస్ పద్ధతుల అధ్యాయంలోకి దాదాపు అదే మాటల్లో వెళ్తాయి: ‘వానాకాలం నమూనాలను మొదట సెప్టెంబర్ 3–5 తేదీల్లో తీయాలని అనుకున్నాం. వరద వల్ల, సరస్సు ఈసీ కుదురుకున్నాక, 24–26 తేదీల్లో తీశాం.’ రేపు ఇంకెవరైనా కొల్లేరు అంకెలతో పోల్చుకోవాలనుకుంటే ఆ రెండు వాక్యాలు లేకుండా 2024 సెప్టెంబర్ నీళ్లను ఎలా చదవాలో వాళ్లకు తెలియదు.